ఆలస్యంగా అంటించిన నోటీసు

మా కాలేజీలో అటెండెన్స్ షార్టేజ్ నోటీసు రాసే పని చాలా ఏళ్ళు నాదే. సికింద్రాబాద్ చుట్టుపక్కల, జేఎన్‌టీయూహెచ్‌కి అనుబంధంగా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ అది. ఉద్యోగంలో చేరిన కొత్తలో డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే చిన్నవాణ్ని కాబట్టి ఎవరికీ అక్కర్లేని పనులన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. వాటిలో ఇదొకటి. పాత ఫైలు తీసి, నిరుటి నోటీసులో తేదీలు మార్చి, టైపు చేయించి, ప్రిన్సిపాల్ గారి సంతకం పెట్టించి, మెట్ల పక్కనున్న బోర్డుకి అంటించేవాణ్ని. నేను దాన్ని పనిగా చూశానే తప్ప, ఎవరికో చెప్పాల్సిన మాటగా చూడలేదు. అక్కడే తప్పు మొదలైంది. మీకూ ఇలాంటి పని అప్పగిస్తే మీరూ పాత ఫైలే తీస్తారు, సందేహం లేదు.

ముందు నిబంధన సంగతి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. సెమిస్టర్ చివరి పరీక్షలు రాయాలంటే ఆ సెమిస్టర్‌లోని సబ్జెక్టులన్నీ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. సబ్జెక్టుకి సబ్జెక్టు విడిగా చూడరు, మొత్తం మీద చూస్తారు. 75 కంటే తగ్గి సరిగ్గా 65 గానీ అంతకు పైన గానీ ఉంటే, ఆ లోటును మాఫీ చేసే అధికారం కాలేజీ అకడమిక్ కమిటీకి ఉంది. దీన్నే అందరూ కండోనేషన్ అంటారు. దానికి సరైన కారణం ఉండాలి, కారణానికి కాగితం ఉండాలి, విద్యార్థి స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలి. కమిటీ ఒప్పుకున్నాక నిర్ణయించిన రుసుము కట్టాలి. 65 కంటే ఒక్క పీరియడ్ తగ్గినా మాఫీ ప్రశ్నే లేదు. ఏ పరిస్థితిలోనూ మాఫీ చేయకూడదని నిబంధనల పుస్తకంలోనే ఉంది. ప్రిన్సిపాల్ అయినా, కమిటీ అయినా ఆ గీత దాటలేరు.

ఆ గీత కింద పడిన విద్యార్థిని డిటెయిన్ చేస్తారు. ఒక్క పరీక్ష తప్పిపోవడం లాంటిది కాదది. ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మిడ్ పరీక్షల్లో తెచ్చుకున్న మార్కులతో సహా, ఆ సెమిస్టర్‌లో సంపాదించిందంతా పోతుంది. పై సెమిస్టర్‌కి వెళ్ళే వీలుండదు. అదే సెమిస్టర్ మళ్ళీ నడిచేటప్పుడు, అంటే మామూలుగా ఏడాది తర్వాత, జూనియర్లతో కలిసి మళ్ళీ చేరి మొదటి నుంచీ కూర్చోవాలి. ఒక సబ్జెక్టులో ఫెయిలయినవాడు ఆ ఒక్క పేపరు మళ్ళీ రాసుకుంటాడు. డిటెయిన్ అయినవాడికి ఆ దారి కూడా ఉండదు.

ఇప్పుడు నేను అంటించే నోటీసు ఎలా ఉండేదో చెబుతాను. చివరి పనిదినం నాడు అది బోర్డెక్కేది. పైన ఇంగ్లీషులో రెండు పేరాలు ఉండేవి. వాటి కింద లావు అక్షరాల్లో కండోనేషన్ ఫీజు, అది కట్టడానికి ఆఖరి తేదీ, ఆలస్య రుసుముతో ఆఖరి తేదీ. ఆ కింద రోల్ నంబర్లు, ఎదురుగా శాతాలు. అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాల్లో, 65 కంటే తక్కువ ఉన్నవారికి మాఫీ వర్తించదన్న ఒక్క వాక్యం. దాన్ని అడుగున పెట్టింది నేనే. పాత నోటీసులో అలాగే ఉంది, నేనూ అలాగే ఉంచాను. ఆ కాగితం చూసే పిల్లలకి ఏం కనిపిస్తుంది? డబ్బూ, తేదీ. ఫలానా తేదీలోపు ఫలానా రుసుము కడితే గండం గట్టెక్కినట్టే అనిపిస్తుంది. ఏళ్ళ తరబడి సీనియర్లు కూడా జూనియర్లకి అదే చెప్పారు: "ఏం కాదు రా, కండోనేషన్ కట్టేస్తే అయిపోతుంది."

ఒక వానాకాలం సెమిస్టర్‌లో రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయికి టైఫాయిడ్ వచ్చింది. మల్కాజిగిరి నుంచి వచ్చేది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌లో చూపించుకుంది. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టి, దాదాపు నాలుగు వారాలు మంచాన పడేసింది. మొదటి మిడ్‌కి రెండు రోజుల ముందు కాలేజీకి తిరిగొచ్చింది. బాగా చిక్కిపోయింది. మధ్యాహ్నం భోజనం దాకా కూర్చుని, ఆ తర్వాత నిలబడలేక రైలెక్కి ఇంటికి వెళ్ళిపోయేది. ఇదంతా మాకు తెలుసు. చీటీలు అడిగితే తెచ్చి ఇచ్చేదే. అప్పుడు ఎవరం అడగలేదు.

సెమిస్టర్ చివర నా జాబితాలో ఆమె రోల్ నంబరు ఎదురుగా 64.38 అని ఉంది. మొత్తం జరిగిన పీరియడ్లు 480, ఆమె వచ్చినవి 309. 480లో 65 శాతమంటే 312. అంటే మూడు పీరియడ్లు తగ్గాయి. మా టైంటేబుల్‌లో ఒక ల్యాబ్ అంటే మూడు పీరియడ్లు. ఒకే ఒక్క మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉండి ఉంటే సరిపోయేది.

జాబితా అంటించిన మర్నాడు వాళ్ళ నాన్నతో కలిసి నా గదికి వచ్చింది. ఆయన రైల్వేలో పనిచేసేవారు, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నారు. ఇద్దర్నీ కూర్చోమన్నాను. అమ్మాయి కూర్చుంది, ఆయన నిలబడే జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీశారు.

"పైసలు తెచ్చిన సార్. ఎంత కట్టాలె, ఏడ కట్టాలె చెప్పుండ్రి."

డబ్బుతో అయ్యే పని కాదని చెప్పాను. 65కి పైనున్నవాళ్ళకే మాఫీ ఉంటుందని, అమ్మాయికి 64.38 ఉందని, దాన్ని 65 కింద లెక్కేసే వీలు లేదని వివరించాను. అమ్మాయి హాస్పిటల్ కాగితాలన్నీ బల్ల మీద పరిచింది. ఓపీ చీటీ, రక్తపరీక్ష రిపోర్టులు, మందుల బిల్లులు, అన్నిటి మీదా తేదీలు ఉన్నాయి. ఆమె జ్వరంతో రాని రోజులకీ ఆ తేదీలకీ చక్కగా పొంతన కుదిరింది. అంత నిఖార్సయిన రుజువులు కమిటీ ముందుకు అరుదుగా వస్తాయి. కానీ 65 లేనప్పుడు ఆ కాగితాలు కమిటీ దాకా వెళ్ళవు.

"నేను మిడ్ తర్వాత బానే వచ్చిన కద సార్," అంది అమ్మాయి. నిజమే, బాగానే వచ్చింది. మిడ్ తర్వాత జరిగిన 240 పీరియడ్లలో 180కి వచ్చింది, అంటే సరిగ్గా 75 శాతం. జ్వరం రోజులు ఎటూ పోయాయి, ఇకనుంచి 75 శాతం వస్తే ఆఫీసు వాళ్ళు ఆ జ్వరాన్ని మాఫీ చేస్తారని ఆమె అనుకుంది. చదువుకునే పిల్ల అలా అనుకోవడంలో తప్పేముంది? ఆమెకి ఎవరూ వేరే లెక్క చెప్పలేదు.

రిజిస్టర్లు మళ్ళీ తెప్పించాను. ఎక్కడైనా పొరపాటున ఆబ్సెంట్ పడిందేమో, ల్యాబ్ పుస్తకంలో ఉన్నది మొత్తంలోకి ఎక్కలేదేమో అని ఒక్కో సబ్జెక్టూ చూశాను. మూడు పీరియడ్లు ఎక్కడైనా దొరుకుతాయేమోనని నిజంగా ఆశపడ్డాను. దొరకలేదు. ఆ పుస్తకాలు సక్రమంగానే ఉన్నాయి.

వాళ్ళ నాన్న అంతసేపూ నా భుజం మీదుగా ఆ పేజీలే చూస్తున్నారు. ఆయనకి చదవడం పెద్దగా రాదనుకున్నాను. ఉన్నట్టుండి అడిగారు.

"ఈ లెక్క మీకు ఎప్పుడు ఎరుకైంది సార్?"

నిలదీసే గొంతు కాదది. మామూలుగా, తెలుసుకోవాలని అడిగారు. నిన్ననే జాబితా తయారైందని చెప్పబోయాను. అప్పుడే నా వేలు మొదటి మిడ్ దగ్గరి పేజీ మీద ఉంది. మిడ్ అయ్యాక అందరి హాజరూ కూడి రాయడం మా దగ్గర ఆనవాయితీ. ఆ పేజీలో ఆమె పేరు ఎదురుగా 240కి 129 అని, కింద నా సంతకం, తేదీ ఉన్నాయి. రాసింది నేనే, నా చేతిరాతే. అంటే నాకు ఎనిమిది వారాల క్రితమే తెలుసు. పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, మూసేశాను.

ఆ పూట చాలాసేపు ఆ పేజీ ముందు కూర్చున్నాను. వాళ్ళు వెళ్ళాక ఒక పాత పరీక్ష పేపరు వెనక లెక్క వేశాను. అంతకు ముందు ఎన్నిసార్లు ఆ నోటీసు అంటించానో గానీ, ఈ లెక్క ఒక్కసారి కూడా వేయలేదు. హాజరైనవి కాకుండా పోయినవి లెక్కపెడితే విషయం చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. సెమిస్టర్‌లో మొత్తం 480 పీరియడ్లయితే, 75 శాతం నిలవాలంటే 120కి మించి పోకూడదు. 65 శాతం నిలవాలంటే 168కి మించి పోకూడదు. మిడ్ నాటికి ఆ అమ్మాయికి 111 పోయాయి. అంటే 75 దక్కాలంటే ఇంకా 9 పీరియడ్లే పోవచ్చు. నీరసంతో ఉన్న పిల్లకి అది దాదాపు అసాధ్యం. కానీ 65 దక్కడానికి ఇంకా 57 పోవచ్చు. ఆమెకి పోయినవి 60.

ఆ 60 ఎలా పోయాయో కూడా పుస్తకంలోనే ఉంది. మిడ్ తర్వాత మొదటి రెండు వారాలు భోజనం వేళకే ఇంటికి వెళ్ళింది. మధ్యాహ్నం మూడు పీరియడ్ల చొప్పున పది రోజులకి 30 పోయాయి. ఆ తర్వాత మళ్ళీ రక్తపరీక్షలకీ, ఇంట్లో ఒక పెళ్ళికీ కలిపి ఐదు రోజులు రాలేదు, రోజుకి ఆరు చొప్పున మరో 30. మిడ్ అయిన మర్నాడు ఆమెను పిలిచి, "అమ్మా, నీ దగ్గర ఇక 57 ఉన్నాయి, జాగ్రత్తగా వాడుకో" అని ఉంటే, ఆ పెళ్ళికి ఒక రోజు తగ్గించుకునేది. లేకపోతే ఒక మధ్యాహ్నం ఓపిక పట్టి ల్యాబ్‌లో కుర్చీ వేసుకుని కూర్చునేది. 65 దాటేది, ఆ హాస్పిటల్ కాగితాలు కమిటీ ముందుకు వెళ్ళేవి, మాఫీ దొరికేది. నాకు అందులో ఏ మాత్రం అనుమానం లేదు.

ఆమె డిటెయిన్ అయింది. మిడ్‌లలో మంచి మార్కులే వచ్చాయి, అవీ రద్దయ్యాయి. మరుసటి ఏడు అదే సెమిస్టర్‌లో జూనియర్ల మధ్య కూర్చుంది. నేను ఆ క్లాసుకి పాఠం చెప్పాను. ఆమె నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడం నాకు తేలిక కాలేదు.

ఆ ఏడు నుంచి నోటీసు మార్చాను. మార్పు ముఖ్యంగా రెండు విషయాల్లో. మొదటిది సమయం. నోటీసు చివరి వారంలో కాదు, మొదటి మిడ్ లెక్క తేలిన వెంటనే వెళ్ళాలి. నెల తర్వాత మరొకటి. చివరి వారంలో వచ్చేది ఇక హెచ్చరిక కాదు, తీర్పు. దాన్ని చదివి ఎవరూ ఏమీ సరిదిద్దుకోలేరు. రెండోది, అందరికీ కలిపి ఒక జాబితా అంటించడం మానేసి, ఎవరి కాగితం వాళ్ళకి ఇవ్వడం. బోర్డు మీద శాతాల జాబితా చూడ్డానికి గుంపు చేరుతుంది, ఎవరికెంతో చూసుకుని నవ్వుకుంటారు. తక్కువ ఉన్న పిల్ల ఆ గుంపులోకి రాదు. ఎవరికి అది అవసరమో వాళ్ళే చదవరు.

ఆ అమ్మాయికి అప్పట్లో నేను ఇచ్చి ఉండాల్సిన కాగితం ఇది. ఇంగ్లీషులో ఒకటి, ఇంటికి పంపడానికి తెలుగులో ఒకటి.

"మొదటి మిడ్ నాటికి జరిగిన పీరియడ్లు 240. మీరు వచ్చినవి 129, పోయినవి 111. ఈ సెమిస్టర్‌లో మొత్తం సుమారు 480 పీరియడ్లు జరుగుతాయి. ఇకమీదట 9కి మించి పోకపోతే మీకు 75 శాతం నిలుస్తుంది, ఏ దరఖాస్తూ అక్కర్లేదు. 9 దాటి 57 వరకు పోతే 65 నిలుస్తుంది. అప్పుడు మీరు పరీక్ష రాయాలంటే కమిటీ అనుమతి కావాలి, అందుకు రుజువులు కావాలి. 57 దాటితే అనుమతి అడిగే వీలు కూడా ఉండదు. ఒక ల్యాబ్ మానితే మూడు పీరియడ్లు పోతాయి. ఇప్పటిదాకా రాకపోవడానికి అనారోగ్యం కారణమైతే, ఆ కాగితాల నకళ్ళు ఈ వారంలోనే ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి."

ఫీజు మాట ఇందులో లేదు. కావాలనే తీసేశాను. కమిటీ ఒప్పుకున్నాకే రుసుము, అదీ ఒప్పుకున్నవాళ్ళకే. ముందే ఫీజు అంకె కనిపిస్తే మిగతా వాక్యాలేవీ కళ్ళకి ఆనవు.

కాగితాలు ఆ వారంలోనే ఇవ్వమనడానికి కారణం ఉంది. కమిటీలో కొన్నేళ్ళు కూర్చున్నాక తెలిసింది, రుజువులు ఎక్కడ తేలిపోతాయో. సెమిస్టర్ చివర హడావుడిగా ఎవరో డాక్టరు దగ్గర రాయించుకొచ్చిన సర్టిఫికెట్‌లో, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పూర్తి విశ్రాంతి అని ఉంటుంది. రిజిస్టరు తీస్తే, ఆ తేదీల మధ్యలోనే ఆ విద్యార్థి రెండు మిడ్ పేపర్లు రాసి ఉంటాడు, మూడు క్లాసుల్లో ప్రెజెంట్ ఉంటుంది. అప్పుడు కమిటీ ఆ సర్టిఫికెట్‌ని పక్కన పెట్టేస్తుంది. పాపం, కొందరికి నిజంగానే జబ్బు చేసి ఉంటుంది. ఆ రోజుల చీటీలు దాచుకోక, చివర్లో తేదీలు గుర్తులేక అంచనాగా రాయించుకుంటారు. అసలు జబ్బు నకిలీలా కనబడుతుంది. డిశ్చార్జ్ కాగితం, ల్యాబ్ రిపోర్టు, మందుల బిల్లు, తిరిగి కాలేజీలో చేరేటప్పుడు డాక్టరిచ్చే ఫిట్‌నెస్ కాగితం, వీటి మీద తేదీలు వాటంతట అవే పడతాయి. వెనకటి తేదీ వేసి రాయించిన సర్టిఫికెట్ కంటే జబ్బు రోజుల నాటి రక్తపరీక్ష రిపోర్టుకే కమిటీలో విలువ ఎక్కువ.

దరఖాస్తు కూడా చాలామంది ఎలా రాయాలో తెలియక పాడుచేసుకుంటారు. "అనారోగ్య కారణాల వల్ల కాలేజీకి రాలేకపోయాను, దయచేసి మాఫీ చేయండి" అని ఒక్క వాక్యం రాసి, తల్లిదండ్రుల సంతకం పెట్టించి ఇస్తారు. అందులో కమిటీ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాలేదు, ఆ రోజుల్లో ఎన్ని పీరియడ్లు పోయాయి, ఆ రోజులకి ఏ కాగితం ఉంది, ఆ రోజులు కాక మిగతావి ఎందుకు పోయాయి, ఇవి రాయాలి. ఆఖరిది దాచిపెడితే ఎలాగూ రిజిస్టరు చెబుతుంది. ముందే చెప్పినవాళ్ళ మాట కమిటీ నమ్ముతుంది. దరఖాస్తు హెచ్‌ఓడీ ద్వారా వెళ్ళాలి, హెచ్‌ఓడీ సంతకం లేని కాగితం కమిటీ దాకా చేరదు. ఒప్పుకున్నాక మినిట్స్‌లో పేరు ఎక్కుతుంది, రుసుము రసీదు జత చేస్తారు, ఆ తర్వాతే హాల్‌టికెట్ వస్తుంది. రసీదు పోగొట్టుకుని పరీక్షకి ముందురోజు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళని కూడా చూశాను.

ఆ తర్వాత వచ్చిన ఆర్22 నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది, అది చాలామంది సరిచూసుకోరు. మిడ్ పరీక్షకి హాజరైతే ఆ థియరీ సబ్జెక్టుకి రెండు పీరియడ్ల హాజరు కలుస్తుంది. ఐదు థియరీ సబ్జెక్టులుంటే ఒక మిడ్‌కి పది పీరియడ్లు. గీత దగ్గర ఊగిసలాడే విద్యార్థికి పది పీరియడ్లంటే తక్కువేం కాదు. మొత్తంలో అవి కలిశాయో లేదో ఆఫీసులో అడిగి చూసుకోవాలి.

మరొకటి, 480 అన్నది రాతిమీద గీత కాదు. మన ఊళ్ళో ఒక పెద్ద వాన పడితే సెలవు, బంద్ అంటే సెలవు. అలా రెండు రోజులు పోయి మొత్తం 468కి దిగిందనుకోండి. 65 నిలవాలంటే పోగలిగినవి 168 నుంచి 163కి తగ్గుతాయి. పోయినవి మాత్రం తగ్గవు. సెలవు వచ్చిందని పిల్లలు సంతోషిస్తారు గానీ, అంచుమీద ఉన్నవాడికి ఆ సెలవు నష్టమే. అందుకే కాగితంలో 57 అని ఉంటే, మనసులో 45 అనుకోమని పిలిచి మరీ చెబుతాను.

ఇలా ముందే లెక్క చెప్పడం మా ప్రిన్సిపాల్ గారికి మొదట నచ్చలేదు. "57 పోవచ్చని మనమే రాసిస్తే, రావాల్సినవాళ్ళు కూడా సరిగ్గా 57 మానేసి కూర్చుంటారు" అన్నారు. ఆ మాట తీసిపారేయదగింది కాదు. అలాంటివాళ్ళు నిజంగానే తయారయ్యారు. ఫోన్‌లో లెక్క పెట్టుకుని, ఇంకెన్ని సినిమాలకి వెళ్ళొచ్చో చూసుకున్న కుర్రాళ్ళు నా క్లాసులోనే ఉన్నారు. వాళ్ళలో కొందరు సెమిస్టర్ చివర 68 తోనో 70 తోనో వచ్చి, "సార్, 65 దాటాం కదా" అని నిలబడ్డారు. దాటారు నిజమే, కారణం ఏదీ? జ్వరం లేదు, చీటీ లేదు. 65 నుంచి 75 మధ్య ఉన్నది హక్కు కాదు, కమిటీ ఒప్పుకుంటేనే దొరికే మినహాయింపు. వాళ్ళ దరఖాస్తులు చూసినప్పుడు ఒక లోపం అర్థమైంది. నా కాగితంలో రెండో అంకె పక్కన రుజువులు కావాలని రాశాను గానీ, రుజువు లేకపోతే ఏమవుతుందో రాయలేదు. తర్వాతి సెమిస్టర్ నుంచి ఆ వాక్యం కూడా చేర్చాను: "సరైన కారణం, రుజువు లేని దరఖాస్తును కమిటీ తిరస్కరించవచ్చు. తిరస్కరిస్తే 70 శాతం ఉన్నా డిటెన్షనే."

అయినా ప్రిన్సిపాల్ గారితో నేను ఏకీభవించలేదు. లెక్క తెలిసి మానేవాడు ఎటూ మానేవాడే, లెక్క దాచితే క్లాసుకి వచ్చేస్తాడని నమ్మకం లేదు. లెక్క దాచినందువల్ల నష్టపోయేది జబ్బు పడి, వీలైనంత వచ్చి, సరిపోయిందనుకున్న పిల్లలే. ఆయన కొన్నాళ్ళు ఆలోచించి, రెండో ఏడాది నుంచి మొదటి మిడ్ కాగితం మీద తన సంతకం కూడా పెట్టడం మొదలుపెట్టారు.

ఇంటికి పంపే కాగితం దగ్గర ఇంకా ఇబ్బంది ఉంది. అడ్మిషన్ నాడు రాసిచ్చిన తండ్రి ఫోన్ నంబరు తరచూ విద్యార్థి ఫోన్ నంబరే అయి ఉంటుంది. కొరియర్ వెళ్ళినా హాస్టల్ చిరునామాకే వెళుతుంది. ఇప్పుడు ప్రతి ఏడూ సెమిస్టర్ మొదలైన రెండో వారంలో ఆ నంబర్లకి ఒకసారి ఫోన్ చేసి, ఎత్తింది ఎవరో కనుక్కుంటాం. మొదటి మిడ్ దాకా ఆగితే అప్పటికే సగం సెమిస్టర్ అయిపోతుంది.